హాల్లో తీసిన మనిషిని పొలంలో నిలబెట్టాలంటే

ఇంట్లో తీసిన ఫొటో నుంచి మనిషిని కత్తిరించి విశాలమైన బయటి దృశ్యంలో పెట్టినప్పుడు, అతికింపు బయటపడేది ఎక్కువగా జుట్టు అంచుల దగ్గర కాదు, పాదాల దగ్గర. అంచులు ఎంత నున్నగా కత్తిరించినా, రంగులు ఎంత కలిపినా, మనిషి నేలమీద నిలబడినట్టు కాకుండా గాలిలో వేలాడుతున్నట్టో, ముందుకు జారిపోతున్నట్టో కనిపిస్తాడు. ఒక్కోసారి పక్కనున్న చెట్టుకు మరుగుజ్జులా, ఇంకోసారి దూరంగా ఉన్న గుడిసెకు రాక్షసుడిలా తేలతాడు. చూసేవారికి కారణం తెలియకపోయినా తేడా మాత్రం తెలుస్తుంది. దీనికి మూలం రెండు లెక్కల్లో ఉంది. మొదటిది, ఆ చోట మనిషి ఎంత ఎత్తు కనిపించాలన్నది. రెండోది, అంత దూరం నుంచి చూస్తే అతని ఒళ్లు, ముఖ్యంగా పాదాలు, ఎలా కనిపించాలన్నది. మొదటిది సరిచేయడం తేలిక. రెండోది చాలాసార్లు సరిచేయలేనిది, అందుకే ముందుగా పసిగట్టవలసినది.

రెంటికీ ఆధారం ఒకే గీత. సమతలంగా పరుచుకున్న నేల ఆకాశాన్ని తాకినట్టు కనిపించే చోటును దిగంతరేఖ అంటారు. చిత్రకారులు దానినే కంటిమట్టం అంటారు, ఆ మాటలోనే దాని గుణమూ ఉంది. కెమెరా నేలకు ఎంత ఎత్తున ఉందో సరిగ్గా అంత ఎత్తున ఈ రేఖ దృశ్యంలోని ప్రతి వస్తువునూ కోసుకుంటూ పోతుంది. కెమెరా 5 అడుగుల ఎత్తున ఉంటే, అదే మట్టపు నేలమీద ఉన్న ప్రతి మనిషినీ, ప్రతి చెట్టునూ, ప్రతి గోడనూ అది 5 అడుగుల దగ్గరే కోస్తుంది. మనిషి పది అడుగుల దూరంలో ఉన్నా, వంద గజాల దూరంలో ఉన్నా ఇందులో మార్పుండదు. దూరమయ్యేకొద్దీ మనిషి చిన్నవాడవుతాడు, పాదాలు పైకి జరుగుతాయి, కానీ రేఖ మాత్రం అతని ముఖంమీద అదే చోట ఉంటుంది.

ఇది ఫొటోషాప్ వచ్చాక కనిపెట్టిన సంగతి కాదు. ఇటలీకి చెందిన లియోన్ బటిస్టా అల్బెర్టి 1435లో చిత్రలేఖనంపై రాసిన గ్రంథంలోనే ఈ పరిశీలన ఉంది. చర్చిలో తిరుగుతున్న జనాన్ని చూస్తే తలలన్నీ దాదాపు ఒకే మట్టంలో కదులుతుంటాయని, దూరంగా ఉన్నవారి పాదాలు మాత్రం దగ్గరివారి మోకాళ్ల ఎత్తున కనిపిస్తాయని ఆయన గమనించాడు. తిరునాళ్లలో గుంపు మధ్య నిలబడి చూసినా కనిపించేది అదే. తలలు ఒక వరసలో ఉంటాయి, కాళ్లు మాత్రం మెట్లుమెట్లుగా పైకి వెళుతుంటాయి. బొమ్మలో మనిషిని ఇమడ్చడమంటే ఆ వరసలో అతనికో చోటు చూపించడమే.

కాబట్టి మొదటి పని బయటి దృశ్యంలో ఈ రేఖ ఎక్కడుందో కనిపెట్టడం. సముద్రతీరంలో తీసిన ఫొటో అయితే పని అక్కడితో అయిపోయినట్టే, నీరూ ఆకాశమూ కలిసే గీతే కంటిమట్టం. మిగతాచోట్ల అంత తేలిక కాదు. అరకులోయలో తీసిన ఫొటోలో ఆకాశాన్ని తాకేది కొండల అంచు. దానిని కంటిమట్టంగా తీసుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా మామూలుగా జరిగే పొరపాటు. కొండ నేలకన్నా ఎత్తున ఉంది కాబట్టి దాని అంచు అసలు రేఖకు చాలా పైన ఉంటుంది, అసలు రేఖ కొండ వెనక మరుగునపడి ఉంటుంది. దానిని పట్టుకోవడానికి సమతలంమీది సమాంతర గీతలు కావాలి. తిన్నగా పోయే రోడ్డు రెండు అంచులు, రైలు పట్టాలు, కాలువ గట్లు, వరసగా వేసిన నాట్లు, ఇవన్నీ దూరంగా పోయేకొద్దీ దగ్గరకు వస్తాయి. వాటిమీద గీతలు గీసి పొడిగిస్తే ఒక బిందువు దగ్గర కలుస్తాయి. ఆ బిందువు గుండా అడ్డంగా గీసిన గీతే కంటిమట్టం. అయితే ఆ రోడ్డు ఎక్కుడులోనో దిగుడులోనో ఉండకూడదు. ఎక్కుడు రోడ్డు అంచులు అసలు రేఖకు పైన కలుస్తాయి, దిగుడు రోడ్డువి కింద.

గీతలేవీ దొరకకపోతే ఎత్తు తెలిసిన వస్తువు ఏదైనా దారి చూపిస్తుంది. దృశ్యంలో ఎవరైనా మనిషి నిలబడి ఉంటే అంతకన్నా మంచి కొలబద్ద లేదు. కెమెరాను మామూలు ఎత్తు మనిషి నిలబడి కంటి దగ్గర పెట్టుకుని తీశాడనుకుంటే, అతని కంటి ఎత్తే కంటిమట్టం. కరెంటు స్తంభం కూడా పనికొస్తుంది. పల్లెల్లో సాధారణంగా కనిపించే 8 మీటర్ల సిమెంటు స్తంభంలో దాదాపు మీటరున్నర భూమిలో ఉంటుంది, పైకి కనిపించేది ఆరున్నర మీటర్లు, అంటే సుమారు 21 అడుగులు. కెమెరా 5 అడుగుల ఎత్తున ఉంటే రేఖ స్తంభాన్ని కిందినుంచి నాలుగోవంతుకు కొంచెం తక్కువలో కోయాలి. రెండు మూడు స్తంభాలమీద ఆ చోటు గుర్తుపెట్టి కలిపితే గీత వచ్చేస్తుంది.

రేఖ దొరికాక మనిషి ఎత్తు తేల్చడం చిన్న గుణకారం. కోనసీమలోని ఒక సమతలమైన రోడ్డును దృశ్యంగా తీసుకుందాం. అటూ ఇటూ వరిచేలు, దూరంగా కొబ్బరితోటల వరస. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 24 మిల్లీమీటర్ల వైడ్ లెన్సు పెట్టి, నేలకు 5 అడుగుల ఎత్తు నుంచి, పైకీ కిందికీ వంచకుండా తిన్నగా తీశారు. ఫొటో 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు. కెమెరాను వంచలేదు కాబట్టి కంటిమట్టం సరిగ్గా మధ్యలో, పైనుంచి 2000వ పిక్సెల్ దగ్గర ఉంటుంది. ఇప్పుడు 5 అడుగుల 6 అంగుళాల స్త్రీని రోడ్డుమీద ఒకచోట నిలబెట్టాలి. ఆమె మడమలు ఆనవలసిన చోటు రేఖకు 400 పిక్సెళ్ల కింద ఉందనుకుందాం. ఆ 400 పిక్సెళ్లే ఆ చోట 5 అడుగులు. కనుక ఐదున్నర అడుగుల మనిషి 440 పిక్సెళ్లు ఉండాలి. రేఖకు కింద 400, పైన 40. రేఖ ఆమె ముక్కు దగ్గర కోస్తుంది. అదే చోటును ముందుకు తెచ్చి, రేఖకు 800 పిక్సెళ్ల కింద పెడితే మనిషి 880 పిక్సెళ్లు కావాలి. అప్పుడూ రేఖ ముక్కు దగ్గరే.

ఈ లెక్కకు లెన్సు ఏదో తెలియనక్కరలేదు, దూరమెంతో తెలియనక్కరలేదు. రేఖా, కెమెరా ఎత్తూ, మనిషి ఎత్తూ ఉంటే చాలు. రోడ్డును మరీ కిందనుంచి, రెండడుగుల ఎత్తునుంచి తీసి ఉంటే సంగతి మారిపోతుంది. రేఖ ఇప్పుడు మనిషి మోకాలికి కొంచెం పైన పోవాలి, పైభాగమంతా ఆకాశంలోకి లేవాలి. అలాంటి దృశ్యంలో అలవాటుకొద్దీ తలను రేఖ దగ్గర ఉంచితే, రోడ్డుమీద నిలబడింది రెండడుగుల బొమ్మ అవుతుంది.

ఇక్కడితో చాలామంది పని అయిపోయిందనుకుంటారు. ఎత్తు కుదిరింది, తల సరైన మట్టంలో ఉంది, అయినా బొమ్మ నమ్మేలా ఉండదు. ఎందుకంటే ఇంట్లో తీసిన ఫొటోకు కూడా తనదైన కంటిమట్టం ఒకటి ఉంది, తనదైన దూరం ఒకటి ఉంది. వాటి సంగతి ఇంకా తేలలేదు.

ఇంట్లో ఫొటో లెక్క తేల్చడానికి అన్నిటికన్నా నమ్మకమైన సాక్షి గచ్చు. ఇప్పటి ఇళ్ల హాళ్లలో సాధారణంగా కనిపించేవి రెండడుగుల చదరపు టైల్స్. వాటి సందుల గీతలను పొడిగిస్తే అవి కలిసే చోటు గదిలోని కంటిమట్టాన్ని చూపిస్తుంది. ఆ మట్టం మనిషిని ఎక్కడ కోస్తుందో చూస్తే కెమెరా ఎత్తు తెలుస్తుంది. ఐదున్నర అడుగుల మనిషి ముక్కు దగ్గర కోస్తే కెమెరా 5 అడుగుల ఎత్తున ఉన్నట్టు. ఛాతీ దగ్గర కోస్తే తీసినవారు సోఫాలో కూర్చుని తీసినట్టు.

దూరం కూడా టైల్ చెబుతుంది. కెమెరాను వంచకుండా తీసిన ఫొటోలో, మనిషి పాదాల దగ్గరున్న ఒక చదరపు టైల్ వెడల్పునూ, బొమ్మలో అది పైకి ఆక్రమించిన ఎత్తునూ కొలవాలి. నిజానికి రెండూ సమానమే, కానీ వాలుగా చూడటంవల్ల బొమ్మలో ఎత్తు తగ్గి కనిపిస్తుంది. ఎంత తగ్గిందన్న నిష్పత్తే సుమారుగా కెమెరా ఎత్తుకూ దూరానికీ ఉన్న నిష్పత్తి. టైల్ 100 పిక్సెళ్ల వెడల్పుకు 62 పిక్సెళ్ల ఎత్తు ఉంటే, కెమెరా ఎత్తు 5 అడుగులు కనుక దూరం 8 అడుగులు. మామూలు హాల్లో ఎదురెదురుగా నిలబడి మొబైల్‌తో తీస్తే వచ్చే దూరం దాదాపు అంతే. కోనసీమ రోడ్డుమీద మనం ఎంచుకున్న చోటు ఎంత దూరమో కూడా లెక్క కట్టవచ్చు. ఈ లెన్సుకు, ఈ ఫొటో కొలతకు, రేఖకు 400 పిక్సెళ్ల కింద ఉన్న నేల 50 అడుగుల దూరంలో ఉంది. అక్కడ అదే టైల్‌ను పరిచి ఉంటే 100 పిక్సెళ్ల వెడల్పుకు 10 పిక్సెళ్లే కనిపిస్తుంది. ఒక నేల సగానికి పైగా తెరుచుకుని ఉంది, రెండోది దాదాపు మూసుకుని ఉంది. పాదాలు మొదటి నేలవి, వాటిని ఆనించింది రెండో నేలకు.

మనిషి ఒంట్లో ఈ తేడా ఎక్కువగా పడేది నేలకు సమాంతరంగా ఉండే భాగాలమీద. పాదం పది అంగుళాల పొడవు అనుకుని, బొటనవేలు కెమెరా వైపు తిరిగి ఉందనుకుందాం. 8 అడుగుల దూరం నుంచి తీసినప్పుడు మడమకన్నా బొటనవేలు మనిషి ఎత్తులో పదోవంతు కిందకు దిగి కనిపిస్తుంది. ఆ మనిషిని 440 పిక్సెళ్లకు కుదిస్తే అది 46 పిక్సెళ్లు. నిజంగా 50 అడుగుల దూరంలో నిలబడిన మనిషికి అది 7 పిక్సెళ్లకు మించదు. మడమను నేలకు ఆనిస్తే వేళ్లు నేలలోకి దిగబడతాయి, వేళ్లను ఆనిస్తే మడమ గాలిలో ఉంటుంది. మునివేళ్లమీద నిలబడి ముందుకు తూలుతున్నట్టు కనిపించేది ఇందుకే. చీర కుచ్చిళ్ల అంచు, పంచె అంచు, లంగా అంచు కూడా ఇదే కథ చెబుతాయి. కాళ్లచుట్టూ గుండ్రంగా తిరిగే ఆ అంచు దగ్గరనుంచి చూస్తే బాగా వంపు తిరిగిన కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, దూరంనుంచి చూస్తే దాదాపు సరళరేఖ. వంగిన అంచు ఉన్న చీరను దూరపు పొలంలో పెట్టినప్పుడు చూసేవారికి ఆ మనిషి ఒక చిన్న దిబ్బమీద నిలబడ్డట్టు అనిపిస్తుంది. కుర్చీలో కూర్చున్న ఫొటో అయితే ఇక చెప్పనక్కరలేదు. తొడలు, కుర్చీ సీటు, చేతులు ఆనించిన పిడులు అన్నీ నేలకు సమాంతరమైనవే. కూర్చున్న మనిషిని దూరపు దృశ్యంలోకి తేవడం నిలబడిన మనిషికన్నా చాలా కష్టం.

ఈ తేడా లెన్సువల్ల వచ్చిందని చాలామంది అనుకుంటారు. మొబైల్ వైడ్ లెన్సు మనిషిని వంకర చేసిందని, పోర్ట్రెయిట్ లెన్సుతో తీస్తే సరిపోయేదని అంటారు. ఇందులో సగమే నిజం. ఏ భాగం ఏ కోణంలో కనిపిస్తుందన్నది కెమెరా నిలబడిన చోటుమీదే ఆధారపడుతుంది, లెన్సుమీద కాదు. 8 అడుగుల దగ్గర నిలబడి ఏ లెన్సుతో తీసినా టైల్ 62 పిక్సెళ్లే. పొడవు లెన్సు చేసే మేలు ఒక్కటే, మనిషి పూర్తిగా పట్టాలంటే అది ఫొటో తీసేవారిని వెనక్కి నెడుతుంది. మేలు చేసింది ఆ వెనక్కి జరగడం.

ఇక్కడొక విభజన గుర్తుంచుకోవాలి. కెమెరా ఎటు తిరిగి చూసిందన్నది తర్వాత మార్చవచ్చు. ఎక్కడ నిలబడి చూసిందన్నది మార్చలేము. మొబైల్‌ను కంటి దగ్గర పట్టుకుని, పాదాలు కూడా పడాలని కొంచెం కిందకు వంచడం అందరూ చేసేదే. అలా వంచితే గదిలోని తలుపు చట్రాలు కిందకు పోయేకొద్దీ దగ్గరకు వస్తాయి, తల పెద్దదై కాళ్లు సన్నబడతాయి. ఇది చూపు తిరగడంవల్ల వచ్చిన వంకర. ఎడిటింగ్ యాప్‌లలో నిలువు పర్‌స్పెక్టివ్‌ను సరిచేసే పట్టీ ఉంటుంది. తలుపు చట్రాలు నిటారుగా అయ్యేదాకా దానిని జరిపితే ఈ వంకర పోతుంది, ఎందుకంటే అలా సరిచేసిన బొమ్మ అదే చోటునుంచి తిన్నగా చూస్తే వచ్చే బొమ్మే. టైల్ కొలతలు తీసుకోవలసింది కూడా ఇలా సరిచేసిన తర్వాతే. కానీ ఎనిమిది అడుగుల చోటును యాభై అడుగుల చోటుగా మార్చే పట్టీ ఏదీ లేదు. పాదాల పైభాగం, తొడలమీది బట్ట కెమెరాకు కనిపించాయి, అవి బొమ్మలో ఉండిపోయాయి. పాదాలను నిలువుగా నొక్కి పొట్టిగా చేసి కొందరు నెట్టుకొస్తారు. చెప్పులు తొడుక్కున్న పాదాలను అలా 46 పిక్సెళ్లనుంచి 10 పిక్సెళ్లకు నొక్కితే దూరం నుంచి చూసినప్పుడు ఫర్వాలేదనిపించవచ్చు. ఫ్లెక్సీమీద వేస్తే మాత్రం కొంగ్రొత్త సమస్య వస్తుంది, పాదాలు బల్లపరుపుగా ఉంటాయి, వాటిమీది చీర అంచు మాత్రం వంగే ఉంటుంది.

తేడా ఎంత ఉందో మనిషిని కత్తిరించకముందే చూసుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. ఇంట్లో ఫొటో మొత్తాన్ని, గచ్చుతో సహా, బయటి దృశ్యంమీద ఇంకో లేయరుగా వేసి సగం పారదర్శకంగా చేయాలి. తర్వాత మనిషిని కావలసిన ఎత్తుకు కుదించి, రెండు కంటిమట్టాలూ ఒకదానిమీద ఒకటి వచ్చేలా జరపాలి. కెమెరా ఎత్తులు రెండూ ఒకటే అయితే మడమలు కూడా వాటంతట అవే అనుకున్న చోట పడతాయి. పడకపోతే ఎత్తుల్లో తేడా ఉన్నట్టు. ఇక గచ్చు టైల్స్ రోడ్డుమీద పరిచినట్టు కనిపిస్తే ఆ జత కుదిరినట్టే. గచ్చు రోడ్డులోంచి ముందుకు లేచి వాలుబల్లలా కనిపిస్తే, ఆ మనిషి ఆ చోటుకు పనికిరాడు. కత్తిరింపుకు గంటలు పెట్టి చివర్లో ఈ సంగతి తెలుసుకోవడంకన్నా ఈ పరీక్ష ముందు చేయడం మంచిది, చేసేవారు మాత్రం తక్కువ.

కుదరనప్పుడు చేయగలిగినవి మూడు. మొదటిది మనిషి చోటు మార్చడం. 50 అడుగుల దూరంలో కాకుండా దగ్గరలో నిలబెడితే రెండు నేలల తేడా తగ్గుతుంది. అసలు ఇంట్లో దూరమైన 8 అడుగులకే తేగలిగితే తేడాయే ఉండదు. కాకపోతే మన కోనసీమ ఫొటోలో కింది అంచు దగ్గర కనిపించే నేల 10 అడుగుల దూరంలోది. 8 అడుగుల దగ్గర నిలబెట్టిన మనిషి పాదాలు ఫొటోలో పడవు, పిక్కల దగ్గర తెగిపోతాయి. నిజానికి అదే మంచిది. ఫొటో కింది అంచునుంచి లేచినట్టున్న పెద్ద మనిషి, వెనక విశాలమైన పొలం, ఇందులో పాదాల గొడవే లేదు. పాదాలు కనపడాల్సిందేనంటే 12 అడుగుల దగ్గర నిలబెట్టవచ్చు. అప్పుడు మనిషి దాదాపు 1830 పిక్సెళ్లు అవుతుంది, ఫొటో ఎత్తులో సగానికి కొంచెం తక్కువ. బొటనవేలు ఉండవలసినదానికన్నా కొంచెమే కిందకు దిగుతుంది, చాలామంది కంటికి అది ఆనదు.

రెండోది పాదాలను దాచడం. వరిచేలో మోకాళ్లదాకా పైరు, గట్టుమీది గడ్డి, ముందున్న రాయి, పడవ అంచు ఏదైనా సరే. సినిమా పోస్టర్లలో కాళ్ల దగ్గర పొగో, దుమ్మో, పూలో కనిపించడానికి అందం ఒక్కటే కారణం కాదు. స్టూడియో ఫ్లోర్‌మీద తీసిన మనిషికి యుద్ధభూమిలో కాళ్లు కుదరకపోవడం కూడా కారణమే. అయితే దాచడం పాదాలకే పనికొస్తుంది. మోకాళ్లమీద చేతులు పెట్టుకుని వంగినట్టో, చేయి కెమెరా వైపు చాచినట్టో ఉన్న భంగిమల్లో దగ్గరితనం ఒళ్లంతా కనిపిస్తుంది. చాచిన చేయి ముఖమంత పెద్దదిగా ఉంటే దానిని ఏ పైరూ దాచలేదు.

మూడోది, కుదిరితే అన్నిటికన్నా మంచిది, మళ్లీ తీయడం. గది చిన్నదైనా వరండాలోంచి గుమ్మం గుండా తీస్తే 20 అడుగుల దూరం చాలా ఇళ్లలో దొరుకుతుంది. మొబైల్‌లోని జూమ్ లెన్సు వాడితే మనిషి చాలినంత పెద్దగానే పడుతుంది. దూరం 8 నుంచి 20 అడుగులకు పెరిగితే, 440 పిక్సెళ్ల మనిషికి బొటనవేలి దిగుడు 46 నుంచి 17 పిక్సెళ్లకు పడిపోతుంది. అక్కడినుంచి 50 అడుగులకు వెళ్లినా ఇంకో పది పిక్సెళ్లే తగ్గుతుంది. అంటే లాభమంతా మొదటి కొన్ని అడుగుల్లోనే ఉంది, కాబట్టి ఇంకా పెద్ద హాలు కోసం వెతకనక్కరలేదు. దూరంతోపాటు కెమెరాను బయటి దృశ్యం తీసిన ఎత్తులోనే పట్టుకోవాలి. దూరపు మనిషి విషయంలో అరడుగు తేడా ఎవరికీ తెలియదు. దృశ్యాన్ని నిలబడి, మనిషిని నేలమీద కూర్చుని తీస్తే మాత్రం గడ్డం కిందిభాగం కనిపిస్తూ పట్టించేస్తుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా కెమెరా ఉన్న నేలా, మనిషి ఉన్న నేలా ఒకే మట్టంలో ఉన్నాయన్న షరతుమీద. పొలాల్లో ఈ షరతు తరచూ తప్పుతుంది. ఫొటో తీసేవారు రోడ్డుమీద ఉంటారు, చేను రోడ్డుకన్నా పల్లంలో ఉంటుంది. చేను 3 అడుగులు పల్లంలో ఉంటే, అక్కడ పాదాలనుంచి కంటిమట్టం దాకా 5 కాదు, 8 అడుగులు. రేఖకు 400 పిక్సెళ్ల కింద చేలో మనిషిని నిలబెడితే ఆ 400 పిక్సెళ్లు 8 అడుగులకు సమానం, అంటే ఐదున్నర అడుగుల మనిషి 275 పిక్సెళ్లే ఉండాలి. తల కూడా రేఖను తాకదు, చాలా కిందే ఆగిపోతుంది. ఈ సంగతి చూసుకోకుండా 440 పిక్సెళ్లు పెడితే చేలో నిలబడింది దాదాపు తొమ్మిదడుగుల మనిషి. అదే గట్టుమీదో, గుట్టమీదో నిలబెడితే లెక్క తిరగబడుతుంది, తల రేఖకు బాగా పైకి లేవాలి. మట్టం ఒకటిగా ఉండటమే ముఖ్యం, నేల మధ్యలో తెగకుండా ఉండటం కాదు. కడప జిల్లా గండికోటలో పెన్నా నది కోసిన లోయకు ఈ అంచున కెమెరా ఉండి, అవతలి అంచున మనిషి ఉన్నా, రెండు అంచులూ ఒకే మట్టమైతే రేఖ ఆ మనిషిని 5 అడుగుల దగ్గరే కోస్తుంది, మధ్యలో ఎంత లోతున్నా సరే.

మట్టం తేడా విపరీతమైతే ఇంట్లో ఫొటో అసలే పనికిరాదు. డ్రోన్ 150 అడుగుల ఎత్తునుంచి తీసిన దృశ్యంలో రేఖకు 1000 పిక్సెళ్ల కిందున్న చోట మనిషి ఎత్తు సుమారు 37 పిక్సెళ్లు. దానిని పెద్దది చేస్తే చెట్లంత మనిషి అవుతుంది. ఉన్నంతలో ఉంచినా, డ్రోన్‌కు కనిపించవలసినవి నడినెత్తి, భుజాలు. హాల్లో తీసిన ఫొటోలో అవి లేవు.

ఎత్తూ, పాదాలూ కుదిరాక మిగిలేది నీడ. నీడ వెలుగుకు సంబంధించినదైనా, పడేది నేలమీద కాబట్టి నేలకున్న లెక్కే దానికీ వర్తిస్తుంది. మనిషి ఆకారాన్ని తిరగేసి, నల్లరంగు వేసి, కాళ్ల దగ్గర పడేయడం మామూలుగా చేసే పని. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే ఐదున్నర అడుగుల మనిషి నీడ ఐదున్నర అడుగులే ఉంటుంది కదా అన్నది దాని వెనక లెక్క. నీడ సరిగ్గా పక్కకు పడితే అది నిజమే, 440 పిక్సెళ్ల మనిషికి 440 పిక్సెళ్ల నీడ అడ్డంగా పడుతుంది. సూర్యుడు మనిషి వెనక ఉండి నీడ కెమెరా వైపు వస్తే మాత్రం, 50 అడుగుల దూరంలో ఆ ఐదున్నర అడుగుల నీడ బొమ్మలో 49 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. అంతకన్నా పొడవుగా గీస్తే, సరిగ్గా నిలబెట్టిన మనిషి కింద నేల మళ్లీ వాలుబల్లలా లేస్తుంది. నీడ పొడవు తేల్చడానికి దృశ్యంలోని కరెంటు స్తంభమే చాలు. స్తంభం నీడ దాని ఎత్తులో ఎంత వంతు ఉందో, అది ఎటు పడిందో చూసి, దాదాపు అంతే దూరంలో ఉన్న మనిషికీ అదే వంతు, అదే వాలు ఇవ్వాలి.